వాన కొలిచే డబ్బా, పగులు కొలిచే తాడు

కొండచరియ విరిగిపడిన మర్నాడు పేపర్లలో ఒక మాట తప్పకుండా ఉంటుంది: ప్రకృతి వైపరీత్యం. ఆ ఒక్క మాటతో లెక్క ముగిసిపోతుంది. వాన కురిసింది, కొండ జారింది, కింద ఉన్నవాళ్లు పోయారు. కింద ఎవరున్నారు, అక్కడే ఎందుకున్నారు, కొండ జారబోతోందని ముందురోజే ఎవరికైనా తెలుసా అన్న ప్రశ్నలన్నీ మట్టితోపాటే పూడిపోతాయి.

పోయిన భాగంలో కొండవాలు ఇళ్ల పట్టాల గురించి రాశాక చాలామంది ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు. "అన్నా, పట్టాల సంగతి తర్వాత చూద్దాం. ఈ వానాకాలం గడిచేదెట్లా? కొండ జారే ముందు మనకేమన్నా తెలుస్తుందా?" తెలుస్తుంది మిత్రులారా. ప్రతిసారీ తెలుస్తుందని చెప్పను, కానీ చాలాసార్లు తెలుస్తుంది. ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, చూసినదాన్ని ఎవరు నమ్మాలి అన్నదే గొడవంతా. ఈ భాగం దాని గురించే. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

కేరళలోని వయనాడ్ జిల్లాతో మొదలుపెడతాను. 2024 జులై 30, అర్ధరాత్రి దాటాక. మెప్పాడి పంచాయతీలో పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల అని వాగు వెంబడి వరసగా ఉన్న ఊళ్లు. పైన సుమారు 1550 మీటర్ల ఎత్తులో కొండ జారింది. ఆ మట్టి, రాళ్లు, చెట్లు వాగులో పడి దాదాపు 8 కిలోమీటర్లు కిందికి పరిగెత్తాయి. మొదటి దెబ్బ ఒంటిగంట దాటాక, ఇంకో పెద్ద దెబ్బ తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో. దొరకనివాళ్లని కూడా కలుపుకుంటే పోయిన ప్రాణాలు మూడు వందలకి అటూ ఇటూ. అందులో టీ తోటల కూలీలు ఎంతోమంది. తోటల్లో కూలీలకి కట్టే వరస ఇళ్లని అక్కడ 'పాడి' అంటారు, పక్కన ఇడుక్కిలో 'లయం' అంటారు. ఒక్కో కుటుంబానికి ఒకటీ ఒకటిన్నర గది. అదే ఇడుక్కిలో 2020 ఆగస్టు 6 రాత్రి పెట్టిముడి లయాల మీద కొండ పడి 70 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది తరాల కిందట తమిళనాడు నుంచి తోట పనికి తెచ్చిన దళిత కుటుంబాల వాళ్లు. ఇల్లెక్కడ కట్టుకోవాలో వాళ్లనెవరూ అడగలేదు.

వయనాడ్ సంగతి ఎందుకెత్తుకున్నానంటే, అక్కడ ముందే తెలిసింది.

కల్పెట్టలో హ్యూమ్ సెంటర్ అని ఒక చిన్న పరిశోధనా సంస్థ ఉంది. జిల్లా అంతటా రెండొందలకి పైగా చోట్ల వానని కొలిపిస్తుంది. కొలిచేవాళ్లలో మామూలు రైతులు, తోటల వాళ్లు ఉన్నారు. ఆ కొలతలు చూస్తూ చూస్తూ వాళ్లకొక విషయం తెలిసింది. ఆ వాలు మీద రెండు మూడు రోజుల్లో 600 మిల్లీమీటర్ల దగ్గరికి వాన చేరితే కొండ జారే ప్రమాదం బాగా పెరుగుతుంది. ముండక్కైకి దగ్గర్లో ఉన్న పుత్తుమలలో జులై 28న 200 మిల్లీమీటర్లు పడింది. ఆ తర్వాతి 24 గంటల్లో 372. రెండు రోజులకి 572. కొండ జారడానికి సుమారు 16 గంటల ముందే హ్యూమ్ సెంటర్ జిల్లా యంత్రాంగానికి హెచ్చరిక పంపింది. ఆ రోజు వాతావరణ శాఖ జిల్లాకిచ్చింది ఆరెంజ్ అలర్ట్. రెడ్ అలర్ట్ వచ్చేసరికి 30 ఉదయం అయింది, అప్పటికి ఊళ్లు లేవు.

ఇంకో సంగతి చూడండి. 2020 ఆగస్టులో ఇదే ముండక్కై మీద ఇదే సంస్థ ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. అప్పుడు జనాన్ని ముందే ఖాళీ చేయించారు. కొండ జారింది, ఇళ్లు పోయాయి, మనుషులు మిగిలారు. అదే కొండ, అలాంటి వానే. 1984లో ఇక్కడే 14 మంది పోయారు. 2019లో పక్కనున్న పుత్తుమలలో 17 మంది. ఇన్నిసార్లు జారిన చోట మళ్లీ జారితే 'ఊహించని విపత్తు' అన్న మాట నా నోటికి రాదు.

ఇప్పుడు అసలు కొండ ఎందుకు జారుతుందో చూద్దాం. ఇది అర్థమైతే గుర్తులు వాటంతటవే అర్థమవుతాయి.

చిన్నప్పుడు ఇసుకలో పాదం మీద పిచ్చుక గూళ్లు కట్టని వాళ్లుండరు. పొడి ఇసుకతో గూడు నిలవదు. కొంచెం తడి ఉంటే బ్రహ్మాండంగా నిలుస్తుంది. అదే గూటి మీద చెంబుడు నీళ్లు పోస్తే కూలిపోతుంది. కొండవాలు మీది మట్టి కథ కూడా ఇంతే. మట్టి రేణువులు ఒకదాన్నొకటి అదుముకుని ఉండటం వల్ల వాలు నిలబడుతుంది. మధ్యలో కాస్త తడి ఉంటే అది రేణువుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే అదే నీరు రేణువుల్ని విడదీసి తోస్తుంది. పట్టు సడలుతుంది. పైగా నానిన మట్టి బరువెక్కుతుంది. చాలామంది బరువు వల్లే జారుతుందనుకుంటారు కానీ అసలు దెబ్బ లోపలి నీటి ఒత్తిడిది.

అందుకే మొదటి రోజు వానకి కొండ సాధారణంగా జారదు. ఎండిన కొండ మొదట తాగుతుంది. నాలుగైదు రోజులు తాగి కడుపు నిండాక వచ్చే కుండపోత దానికి పట్టదు. నీరు పై మట్టిలో నుంచి దిగి కింద గట్టి రాయి తగిలే దాకా పోతుంది, ఇక దిగలేక ఆ రాతి మీదుగానే వాలు వెంట జారుతుంది. మెత్తటి మట్టికీ గట్టి రాతికీ మధ్య సబ్బు రాసినట్టు ఒక పొర తయారవుతుంది. కొండ విరిగేది ఎక్కువగా ఆ పొర మీదనే.

మన తూర్పు కనుమల్లో, విశాఖ నుంచి అరకు దాకా, ఇటు బెజవాడ కొండల్లో కూడా ఎక్కువగా కనిపించే రాయిని ఖొండలైట్ అంటారు. ఖోండు ఆదివాసుల పేరు మీద పెట్టిన పేరు అది. (రాయికి వాళ్ల పేరు పెట్టారు, కొండకి పట్టా మాత్రం ఇవ్వలేదు. అది వేరే కథ.) ఈ రాయి ఎండకీ వానకీ చివికి ఎర్రమట్టిగా మారుతుంది, బంకమట్టి కూడా తయారవుతుంది. మధ్యమధ్యలో చివకని బండలు మిగిలిపోతాయి. అంటే మెత్తటి మట్టిలో పెద్ద పెద్ద గుండ్లు పొదిగినట్టుంటుంది. మట్టి కొట్టుకుపోతే గుండుకి ఆసరా పోతుంది. వయనాడ్ దుర్ఘటన జరిగిన నెలకే, 2024 ఆగస్టు 31న, విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడు బుడమేరు పొంగి నగరంలో పెద్ద భాగం మునిగేసరికి టీవీలన్నీ నీళ్ల వైపు తిరిగాయి, కొండ కింద పోయినవాళ్లని లోకం రెండు రోజుల్లో మర్చిపోయింది.

కొండని మనిషి చెడగొట్టే తీరులో ముఖ్యమైనది ఒకటే చెబుతాను. వాలు పాదం తొలిచెయ్యడం. కొండ పాదంలో ఉన్న మట్టే పైనున్నదానికి అడ్డుగోడ. రోడ్డు కోసం ప్రొక్లెయినర్‌తో నిలువుగా కోస్తారు, ఇల్లు చదును చేసుకోవడానికి మనమూ గునపంతో నాలుగడుగులు కోస్తాం. అడ్డు తీసేశాక పైది ఎండాకాలమంతా ఊరికే నిలబడి ఉంటుంది కాబట్టి ఏం కాదనుకుంటాం. మనం కోసింది నాలుగడుగులైనా దానికి మూల్యం మన మీదే పడుతుంది. కొండ వెనకవైపు గుత్తేదారు కోసిన నలభై అడుగుల మూల్యం కూడా మన మీదే పడుతుంది.

ఇక గుర్తులు. బెజవాడలో ఒక కొండవాలు కాలనీకి వెళ్లినప్పుడు మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని తన ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. "ఇట్రా అయ్యా, గోడ చూడు. కడుపుతో ఉంది" అంది. నిజంగానే రాతి కట్టుడు గోడ మధ్యలో ఉబ్బి ఉంది. "రెండేళ్ల కిందట ఇట్లా లేదు. చెప్తే పాత గోడ కదా అంటారు." ఏ ఇంజనీరూ ఆ గోడని అంతకంటే బాగా చదవలేడు. గోడ వెనక మట్టి తోస్తోంది, దాని వెనక నీళ్లు తోస్తున్నాయి. ఆ గోడకి నీళ్లు పోవడానికి పెట్టిన గొట్టాలు చూశాను, మట్టితో పూడిపోయి ఉన్నాయి. జోరువానలో ఆ గొట్టాల్లోంచి నీళ్లు కారుతుంటే భయం తక్కువ. వాన కురుస్తున్నా అవి పొడిగా ఉన్నాయంటే నీరంతా గోడ వెనక నిలబడిపోయిందని అర్థం. ఇనపచువ్వతో పొడిచి వాటిని తెరిచి ఉంచడం ఎవరైనా చెయ్యగల పని, వానాకాలం రాకముందు చెయ్యాల్సిన పని.

ఇంటి కంటే ముందు ఇంటి పైభాగం చూడాలి. కొండ జారే ముందు పై అంచున నేల చీలుతుంది. ఎండకి బీటలువారిన నేలలో పగుళ్లు వలలాగా అటూ ఇటూ ఉంటాయి. జారబోయే కొండ పగులు వాలుకి అడ్డంగా, నెలవంకలాగా వంగి ఉంటుంది, రెండు కొసలూ కిందికి తిరిగి ఉంటాయి. ఆ పగులుకి కింది పక్క నేల పై పక్క కంటే కొంచెం దిగి మెట్టులాగా ఉంటే, కదలిక అప్పటికే మొదలైందన్నమాట. అలాంటి పగులు కనిపిస్తే రెండు పక్కలా ఒక్కో గట్టి మేకు పాతండి. రెండు మేకుల మధ్య దూరం టేపుతో కొలిచి తేదీ వేసి రాసుకోండి. టేపు లేకపోతే తాడు కట్టి ముడి వెయ్యండి. వానరోజుల్లో ఉదయం, సాయంత్రం కొలవండి. దూరం మారకపోతే అది పాత పగులు. రోజుకింత పెరుగుతుంటే కొండ నడుస్తోంది. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ పెరిగిందంటే ఇక కొలవడం ఆపి, కింద ఉన్న ఇళ్లు ఖాళీ చెయ్యాలి. పగులులోకి నీరు దిగకుండా బంకమట్టితో పూడ్చి పైన టార్పాలిన్ కప్పితే కొంత టైం దొరుకుతుంది. అంతే, టైం మాత్రమే. పూడ్చాం కదా అని నిద్రపోవడానికి కాదు.

ఇంట్లో గుర్తులు ఆడవాళ్లకి ముందు తెలుస్తాయి. నిన్నటి దాకా సాఫీగా పడిన తలుపు ఇవాళ గడప దగ్గర పట్టేస్తుంది. వానకి చెక్క ఉబ్బిందనుకుంటాం. ఒక్క ఇంట్లో అయితే చెక్క కావచ్చు, వరసలో నాలుగిళ్లలో ఒకే వారం తలుపులు పట్టేస్తే చెక్క కాదు. గోడ పగులు మీద కాగితం ముక్క అటూ ఇటూ గట్టిగా అంటించండి. చిరిగితే గోడ కదిలింది. కరెంటు స్తంభం, కంచె, చెట్లు ఒకే వైపు వాలుతున్నాయేమో చూడండి.

మూడోది నీళ్లు. ఎప్పుడూ లేని చోట ఊట పుట్టినా, తేటగా వచ్చే ఊట ఎర్రగా మారినా లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. అన్నిటికంటే భయపడాల్సింది వాగు విషయంలో. పైన జోరుగా వాన కురుస్తుంటే వాగు ఉన్నట్టుండి తగ్గిపోయిందనుకోండి, చాలామంది "హమ్మయ్య" అనుకుంటారు. అక్కడే ప్రాణం పోతుంది. పైన ఎక్కడో కొండ జారి వాగుకి అడ్డం పడింది, వెనక నీరు నిండుతోంది, ఆ కట్ట తెగితే నీరు, మట్టి, బండలు అన్నీ కలిసి ఒకేసారి వస్తాయి. వాగు తగ్గినా, అకస్మాత్తుగా చిక్కటి బురదగా మారినా, చెట్లు విరిగే చప్పుడో బండలు దొర్లే చప్పుడో వినిపించినా ఇంక గిన్నెలు సర్దుకునే టైం లేదు. వాగు వెంట కిందికి పరిగెత్తొద్దు, అది మీకంటే వేగంగా వస్తుంది. వాగుకి అడ్డంగా పక్కకి, మిట్ట మీదికి పోవాలి. ఒకసారి జారింది కదా, అయిపోయిందని సామాన్ల కోసం వెనక్కి రావద్దు. ముండక్కైలో ఒంటిగంట తర్వాత నాలుగు గంటలు కూడా వచ్చింది.

ఈ గుర్తులన్నీ పగలు, వెలుతురుంటే కనిపించేవి. కొండ రాత్రి జారితే? దానికే వాన కొలత. ఇందుకు వెయ్యి రూపాయలు కూడా ఖర్చు కాదు. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉన్న పప్పుల డబ్బా ఒకటి తీసుకోండి. పెయింటు బకెట్లు పైన వెడల్పు, కింద సన్నం, అవి పనికిరావు. చెట్టుకీ చూరుకీ దూరంగా డాబా మీదో బయల్లోనో కదలకుండా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి లోపల స్కేలు పెట్టి నీటి లోతు చూడండి. ఎన్ని మిల్లీమీటర్ల లోతుంటే అన్ని మిల్లీమీటర్ల వాన. డబ్బా మూతి పెద్దదైనా చిన్నదైనా లెక్క మారదు. రాసుకుని, నీరు పారబోసి, మళ్లీ పెట్టండి. పెద్ద వానరోజు మూడు గంటలకోసారి చూడండి. టెన్త్ చదివే పిల్లకి ఈ పని అప్పజెప్పితే మనకంటే శ్రద్ధగా చేస్తుంది.

మరి మన కొండకి ఎంత వాన ప్రమాదం? 600 అని మాత్రం అనుకోకండి. ఆ అంకె ఆ కొండది. అక్కడ మామూలు వానే మనకంటే ఎన్నో రెట్లు. మన కొండలు అంతకంటే చాలా తక్కువకే జారొచ్చు. అందుకే పుస్తకంలో వాన పక్కన ఇంకో గడి గియ్యండి. ఘాట్‌రోడ్డు మీద మట్టి పడినా, ఎవరి గోడ కూలినా, ఒక గుండు దొర్లినా ఆ రోజు రాయండి. అంతకుముందు రెండు రోజుల వాన, వారం రోజుల వాన కూడండి. రెండు మూడేళ్లకి మీ కొండ అంకె మీకే కనిపిస్తుంది. అప్పటిదాకా నేను చెప్పేదొకటి. ఇది శాస్త్రవేత్తలు ఇచ్చిన హద్దు కాదు, జాగ్రత్త కోసం నేను అనుకుంటున్నది. వాతావరణ శాఖ ఒక రోజులో 115 మిల్లీమీటర్లు దాటితే 'అతి భారీ వర్షం' అంటుంది. నాలుగైదు రోజులు ముసురు పట్టి, ఆ మీదట మీ డబ్బాలో ఒకే రోజు వంద దాటితే ఆ రాత్రి వాలు కింద పడుకోకండి.

జిల్లాకి ఇచ్చే అలర్టు జిల్లాకే. ఒక కొండకి అటువైపు కుండపోత, ఇటువైపు తుంపర ఉండొచ్చు. ప్రమాద గ్రామాల జాబితాలో మా ఊరు లేదు కదా అని కూడా ధీమాగా ఉండొద్దు. 2023 జులై 19 రాత్రి మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో కొండ కింద పూడిపోయిన ఇర్షాల్‌వాడి అనే ఆదివాసీ పల్లె ఏ జాబితాలోనూ లేదు. ఈ డబ్బా కూడా అన్నీ చెప్పదు. మొగల్రాజపురంలో పడినట్టు బండ విడిపోవడానికి ఒక్కోసారి ముందు పగులూ ఉండదు, ఊటా ఉండదు. గుండు కింద మట్టి కొట్టుకుపోయి ఖాళీ కనిపిస్తుంటే ఎండాకాలంలోనే దాన్ని కట్టించమని పట్టుబట్టడం తప్ప వానరాత్రి చెయ్యగలిగింది లేదు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతి. గుర్తులు కనిపించినా మనవాళ్లు ఇల్లు వదలరు. అధికారులు దాన్ని మూర్ఖత్వం అంటారు. నేను అడిగి చూశాను. "మేకల్ని ఎక్కడ కడతాం?" అంటారు. "మొన్న ఖాళీ చేశాం, ఏం జారలేదు, మూడు రోజుల కూలి పోయింది" అంటారు. ఒక వదిన మాత్రం చాలాసేపు ఏం మాట్లాడకుండా ఉండి చివర్లో చెప్పింది: "పోయినసారి ఊళ్లో హాల్లోకి పొమ్మన్నారు. పోతే వరండాలో కూర్చోమన్నారు. వాన జల్లు కొడుతుంటే పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెల్లార్లూ అక్కడే కూర్చున్నాం. ఈసారి చస్తే మా ఇంట్లోనే చస్తాం అన్నాడు మీ అన్న." హెచ్చరిక వ్యవస్థ అంటే సైరన్లు, సెన్సర్లు అనుకునేవాళ్లు ఈ మాట వినాలి. వరండా దగ్గర ఆగిపోయే హెచ్చరిక హెచ్చరికే కాదు. ఏ గదిలో పడుకుంటాం, వంట ఎవరు చేస్తారు, మరుగుదొడ్డి ఎవరు వాడొచ్చు అన్నవి వానరాత్రి తేలే విషయాలు కావు. మేలోనే గ్రామసభలో రాయించి సంతకాలు పెట్టించుకోవాలి. జారకపోయినా ఖాళీ చేసిన రోజులకి కూలి ఇవ్వాలని కూడా అందులో రాయించాలి. జారని రోజు కూలి పోతే, జారే రోజు ఎవరూ కదలరు.

రిజిస్టర్ మీ దగ్గరే ఉంచుకోండి. ప్రతి నెలా ఒక కాపీ సచివాలయంలో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. పగులు ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తియ్యండి, తేదీ పడాలి. రేపు ఎవరైనా 'మాకు తెలియదు' అంటే ఆ రసీదు మాట్లాడుతుంది. డబ్బా ఎలా పెట్టాలో, పుస్తకంలో గడులు ఎలా గియ్యాలో ఫోటోలు కింద కామెంట్లో పెడుతున్నాను. మీ వాడలో ఎవరు కొలుస్తారో పేరు కాకుండా ఊరు, మండలం మాత్రం రాయండి, కాలనీల వారీగా ఒక పట్టిక చేద్దాం.